ఈ-మెయిల్‌కు ఫ్రెంచి పేరు

2003 జులైలో ఒక వార్త దేశదేశాల పత్రికల్లో గుప్పుమంది. ఫ్రాన్స్ ప్రభుత్వం ‘ఈ-మెయిల్’ అనే మాటను నిషేధించిందట! చదివినవాళ్లు నవ్వుకున్నారు. కోట్లమంది రోజూ వాడుతున్న మాటను సర్కారు ఎలా ఆపుతుంది, పోలీసులను పెట్టి పట్టిస్తుందా అన్నారు.

జరిగింది అది కాదు. అంతకు నెల ముందు, జూన్ 20న, ఫ్రెంచి ప్రభుత్వ గెజిట్ ‘జుర్నాల్ ఒఫిసియెల్’లో ఒక చిన్న ప్రకటన అచ్చయింది. కంప్యూటర్ మీద రాసి, నెట్‌వర్క్ ద్వారా పంపి, అవతలివాళ్లు తమకు వీలైనప్పుడు తెరిచి చదువుకునే లేఖకు ఇకపై ‘కురియెల్’ అనే మాట వాడాలని దాని సారాంశం. ఆ ఆదేశం మంత్రిత్వ శాఖలకూ, ప్రభుత్వ కార్యాలయాలకూ, ప్రభుత్వ సంస్థలకూ మాత్రమే. పారిస్‌లో ఒకాయన కాఫీ తాగుతూ స్నేహితుడితో ‘నీకు మెయిల్ పెట్టాను’ అంటే అడిగే నాథుడు లేడు. ప్రైవేటు కంపెనీ తన ఉద్యోగులకు పంపే సందేశంలో ఏ మాట రాసుకున్నా ఎవరూ పట్టించుకోరు.

ఇంగ్లీషు మాటలకు ఫ్రెంచి మాటలు కట్టే పని ఎలా సాగుతుందో, ఎక్కడ గెలుస్తుందో, ఎక్కడ ఓడిపోతుందో తెలుసుకోవడానికి ఈ కురియెల్ కథంత మంచి దారి లేదు. ఎందుకంటే ఇది పూర్తిగా గెలవనూ లేదు, పూర్తిగా ఓడనూ లేదు.

అసలు ఈ మాట పుట్టింది ఫ్రాన్స్‌లో కాదు, కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో. ‘కురియే’ అంటే ఉత్తరాలు, టపా. ‘ఎలెక్త్రోనిక్’ అంటే తెలిసిందే. మొదటి మాటను దాదాపు అంతా ఉంచి, రెండో మాట నుంచి ‘ఎల్’ను మాత్రం తీసి అతికిస్తే కురియెల్ అయింది. 1990ల మొదట్లో, ఈ-మెయిల్ ఇంకా విశ్వవిద్యాలయాలకూ కొద్దిపాటి ఆఫీసులకూ పరిమితమైన రోజుల్లో, ఈ మాట అక్కడ వాడుకలోకి వచ్చింది. ఫ్రెంచి భాష కోసం క్యుబెక్ ప్రభుత్వం 1961లోనే ఏర్పాటు చేసిన కార్యాలయం దాన్ని భుజాన వేసుకుని ప్రచారం చేసింది.

క్యుబెక్‌కు ఈ శ్రద్ధ ఊరికే రాలేదు. అమెరికా, కెనడా కలిపి ముప్పై అయిదు కోట్లకు పైగా జనం ఉన్న ఇంగ్లీషు ఖండంలో క్యుబెక్ జనాభా 90 లక్షలు. పైగా ఒకప్పుడు మాంట్రియల్‌లో ఫ్యాక్టరీ యజమాని భాష ఇంగ్లీషు, కూలివాడి భాష ఫ్రెంచి. దుకాణాల బోర్డులు, యంత్రాల మీటలు, విడిభాగాల పేర్లు అన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. 1977లో వచ్చిన ఫ్రెంచి భాషా చట్టం ఆ పరిస్థితిని మార్చింది. ఒక మెకానిక్ తన పనిముట్లను తన భాషలో పిలవాలంటే ముందు ఆ మాటలు ఉండాలి కదా! అందుకని అక్కడి భాషా కార్యాలయం రంగాలవారీగా వేలకొద్దీ మాటలు సేకరించి, కట్టి, అందరికీ అందుబాటులో పెట్టింది. ఇవాళ క్యుబెక్ రోడ్ల మీద ఆగమని చెప్పే ఎర్ర ఫలకం మీద ‘అరె’ అని ఫ్రెంచి మాట ఉంటుంది. ఫ్రాన్స్ రోడ్ల మీద మాత్రం అదే ఫలకం మీద ఇంగ్లీషు ‘స్టాప్’ ఉంటుంది. వారాంతాన్ని క్యుబెక్ వాళ్లు ‘ఫాన్ ద సెమేన్’ అంటారు, అంటే వారం చివర అని. పారిస్ వాళ్లు శుభ్రంగా ‘వీకెండ్’ అనేస్తారు. అలాగని క్యుబెక్ నోట ఇంగ్లీషు వినపడదనుకోకూడదు. ఇళ్లల్లో, వీధుల్లో మాట్లాడే భాషలో ‘ఫన్’, ‘చెక్’ లాంటివి విచ్చలవిడిగా దొర్లుతాయి. కొత్త వస్తువుకు పేరు పెట్టేటప్పుడు మాత్రం వాళ్లు మెలకువగా ఉంటారు.

ఫ్రాన్స్ ఈ విషయంలో ఆలస్యంగా మేల్కొంది, మొదటి అడుగు కూడా తడబడింది. 1997 డిసెంబరులో అక్కడి పరిభాషా సంఘం ఈ-మెయిల్‌కు ‘మెసాజ్ ఎలెక్త్రోనిక్’, అంటే ఎలక్ట్రానిక్ సందేశం, అనే మాటను సిఫారసు చేసింది. దానితోపాటు ‘మెల్’ అనే పొట్టి గుర్తునూ ఇచ్చింది. విజిటింగ్ కార్డు మీద టెలిఫోన్ నంబరుకు ముందు ‘టెలి.’ అని చుక్క పెట్టి రాసినట్టు, ఈ-మెయిల్ చిరునామాకు ముందు ‘మెల్.’ అని రాసుకోవాలన్నమాట. అయితే దాన్ని మామూలు నామవాచకంగా వాడకూడదు, ‘నీకు ఒక మెల్ పంపాను’ అనకూడదు అని షరతు పెట్టారు.

ఇక్కడే చిక్కు వచ్చింది. చిరునామా ముందు రాయొచ్చు కానీ వాక్యంలో పెట్టకూడదనే మాటతో జనం ఏం చేసుకుంటారు? వాళ్లకు కావలసింది రోజుకు పదిసార్లు నోటితో అనుకోవడానికి ఒక చిన్న మాట. ‘మెసాజ్ ఎలెక్త్రోనిక్’ ఆ పనికి పొడుగైపోయింది. ‘మెల్’ పొట్టిదే అయినా దాని కాళ్లు కట్టేశారు. ఈ సందులోంచి ఇంగ్లీషు ‘మెయిల్’ హాయిగా నడుచుకుంటూ లోపలికి వచ్చి కూర్చుంది. అదీ ఫ్రెంచి వాళ్ల సొంత పద్ధతిలోనే వచ్చింది. ఇంగ్లీషులో ‘మెయిల్’ అంటే పోస్టులో వచ్చే ఉత్తరాలు కూడా. ఫ్రెంచిలో ‘అన్ మెయిల్’ అంటే మాత్రం కంప్యూటర్‌లో వచ్చేదొక్కటే. ఆ ఇంగ్లీషు మాట కూడా పరాయిది కాదనే చెప్పాలి. తోలు సంచి, మూట అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట ‘మాల్’ను ఇంగ్లీషు వాళ్లు మధ్యయుగంలో అరువు తెచ్చుకున్నారు. ఉత్తరాలు మోసే సంచి పేరు క్రమంగా ఉత్తరాలకే అంటుకుంది.

ఆరేళ్లు తిరిగేసరికి సంఘం తన తప్పు గ్రహించి క్యుబెక్ మాటనే నెత్తికెత్తుకుంది. సందేశానికి ‘కురియెల్’, దాన్ని పంపే వ్యవస్థకు ‘మెసాజ్‌రీ ఎలెక్త్రోనిక్’, చిరునామాకు ‘అద్రెస్ ఎలెక్త్రోనిక్’ అని మూడింటినీ విడదీసి పేర్లు పెట్టింది. ‘మెల్.’ను చిరునామా ముందు గుర్తుగానే ఉంచింది. కానీ 2003 నాటికి ఫ్రాన్స్‌లో లక్షలమంది ఏళ్ల తరబడి ‘మెయిల్’ అంటూనే ఉన్నారు. అలవాటైన నోటిని గెజిట్ తిప్పలేకపోయింది.

గెజిట్‌కు ఉన్న బలం ఎంతో చూడాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి. ఫ్రెంచి భాషా రక్షణకు 1975లో ఒక చట్టం వచ్చినా, గట్టిది 1994 ఆగస్టు 4న వచ్చింది. అప్పటి సాంస్కృతిక మంత్రి జాక్ తుబోన్ పేరు మీద దాన్ని ‘తుబోన్ చట్టం’ అంటారు. ఆయన ఇంటిపేరు ‘అంతా మంచి’ అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాటల్లా వినబడుతుంది కాబట్టి, చట్టం నచ్చనివాళ్లు ఆయనకు ‘మిస్టర్ ఆల్‌గుడ్’ అని ఇంగ్లీషు పేరు తగిలించి ఏడిపించారు. వస్తువుల లేబుళ్లు, వాడే విధానం చెప్పే కాగితాలు, ప్రకటనలు, ఉద్యోగ ఒప్పందాలు ఫ్రెంచిలో ఉండాలని ఆ చట్టం చెబుతుంది. ప్రకటనలో ఇంగ్లీషు నినాదం పెట్టాలంటే పక్కనే ఫ్రెంచి అనువాదం ఇవ్వాలి. ఇప్పటికీ పారిస్ మెట్రోలో పెద్ద పోస్టరు మీద ఇంగ్లీషు నినాదం పక్కన చిన్న చుక్క గుర్తు, పోస్టరు అడుగున చిన్న అక్షరాల్లో ఫ్రెంచి అనువాదం కనిపిస్తాయి.

బిల్లు మొదటి రూపంలో ఇంకో సంగతి కూడా ఉంది. ప్రభుత్వం ఆమోదించిన ఫ్రెంచి పారిభాషిక పదాలనే ప్రసార మాధ్యమాలూ ప్రైవేటు వ్యక్తులూ వాడి తీరాలన్నది. చట్టం అమలులోకి రాకముందే, 1994 జులై 29న, ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి దాన్ని కొట్టేసింది. 1789 నాటి మానవ హక్కుల ప్రకటనలో భావప్రకటన స్వేచ్ఛ ఉంది. తన భావానికి ఏ మాట సరిపోతుందో ఎంచుకునే హక్కు కూడా ఆ స్వేచ్ఛలో భాగమే అని మండలి తేల్చింది. ప్రభుత్వం తన ఉద్యోగులకు మాటలు నిర్దేశించవచ్చు, పౌరులకు కాదు. ఈ తీర్పు భాషకు మేలే చేసింది. అప్పటినుంచి కొత్త మాట కట్టేవాళ్లకు శిక్ష చూపించి భయపెట్టే వీలు లేదు, జనానికి నచ్చే మాట కట్టడం ఒక్కటే దారి.

1996లో ఒక ఉత్తర్వు ఆ కట్టే పనికి క్రమం ఏర్పరచింది. మంత్రిత్వ శాఖల్లో నిపుణుల బృందాలు ఉంటాయి. వైద్యం, అంతరిక్షం, ఇంధనం, కంప్యూటర్లు, క్రీడలు ఇలా రంగానికొకటి. వాటిలో ఇంజనీర్లు, శాస్త్రజ్ఞులు, భాషావేత్తలు కలిసి కూర్చుంటారు. తమ రంగంలోకి కొత్తగా వస్తున్న ఇంగ్లీషు మాటను గుర్తించి, ముందు దానికి నిర్వచనం రాస్తారు, తర్వాత పేరు వెతుకుతారు. ఆ ప్రతిపాదన ప్రధానమంత్రి పరిధిలోని కేంద్ర సంఘానికి వెళ్తుంది. 2015 నుంచి దాని పేరు ఫ్రెంచి భాషా సంపన్నీకరణ సంఘం. అక్కడ చర్చ ముగిశాక ఫ్రెంచి అకాడమీ ఒప్పుకోవాలి. చివరికి గెజిట్‌లో అచ్చవుతుంది, ‘ఫ్రాన్స్‌తెర్మ్’ అనే ఉచిత పదకోశంలో చేరుతుంది. ఇన్ని మెట్లు ఎక్కేసరికి నెలలూ ఏళ్లూ పడుతుంది. అసలు ఇబ్బంది ఇదే, ఎందుకంటే మాట కోసం వస్తువు ఆగదు.

మాట వస్తువు కన్నా ముందే వస్తే ఏమవుతుందో చూపించే ఉదాహరణ ఫ్రెంచి చరిత్రలోనే ఉంది.

1955లో ఐబీఎం ఫ్రాన్స్ శాఖ తన కొత్త లెక్కల యంత్రాన్ని మార్కెట్‌లోకి దించబోతోంది. ఇంగ్లీషులో ‘కంప్యూటర్’ అంటున్నారు. దానికి సరిగ్గా అనువదిస్తే ‘కల్క్యులతర్’ వస్తుంది, కానీ ఆ పేరు మామూలు లెక్కల మిషన్లకు ముందే ఉంది. ప్రచార విభాగాన్ని చూసే ఫ్రాన్సువా జిరార్, సోర్బోన్ విశ్వవిద్యాలయంలో లాటిన్ ప్రొఫెసర్ జాక్ పెరె సలహా అడిగారు. ఏప్రిల్ 16న పెరె జవాబు రాశారు. ఆయన సూచించిన మాట ‘ఒర్దినతర్’. ఇది సరైన రూపం కలిగిన మాటేననీ, లిత్రే నిఘంటువులో ప్రపంచాన్ని క్రమంలో పెట్టే దేవుడికి విశేషణంగా కనిపిస్తుందనీ ఆయన వివరించారు. చర్చిలో గురుపట్టాభిషేకాన్ని సూచించే మాటకు ఇది దగ్గర బంధువు కాబట్టి కాస్త ఇబ్బంది ఉందనీ దాచకుండా చెప్పారు. ఆ గొడవ తప్పించుకోవాలంటే స్త్రీలింగ రూపం ‘ఒర్దినత్రిస్’ తీసుకోవచ్చన్నారు. కంపెనీ పుంలింగాన్నే తీసుకుంది. మొదట్లో ఆ పేరును తన సొంతానికి ఉంచుకోవాలని చూసినా, అది త్వరగా జనం నోళ్లలో పడి అందరిదీ అయిపోయింది.

ఇవాళ ఫ్రాన్స్‌లో ‘కంప్యూటర్’ అనే మాట మామూలు సంభాషణలో వినబడదు. ఇటలీ వాళ్లు, జర్మనీ వాళ్లు ఆ ఇంగ్లీషు మాటనే వాడుకుంటుంటే ఫ్రెంచి పిల్లవాడికి ఒర్దినతర్ తప్ప ఇంకోటి తెలియదు. కారణం సులభమే. 1955లో ఎవరి ఇంట్లోనూ ఆ యంత్రం లేదు, ఎవరి నోటికీ ఏ పేరూ అలవాటు కాలేదు. పైగా పేరు పెట్టింది ప్రభుత్వం కాదు, ఆ వస్తువును అమ్మేవాళ్లే. యంత్రం ఎక్కడికి వెళ్తే పేరూ అక్కడికి వెళ్లింది.

దాని వెనకే, 1960ల చివర, సాఫ్ట్‌వేర్‌కు ‘లోజిసియెల్’ వచ్చింది. తర్కం అనే అర్థమున్న ‘లోజిక్’ దాని మొదలు. తోక మాత్రం హార్డ్‌వేర్‌కు వాడే ‘మతెరియెల్’ నుంచి. ఈ మాట గెలవడమే కాదు, పిల్లల్ని కూడా కన్నది. చివరి ‘-సియెల్’ ఒక ప్రత్యయంలా మారిపోయింది. పాఠాలు నేర్పే సాఫ్ట్‌వేర్ ‘దిదక్తిసియెల్’ అయింది. ఉచితంగా ఇచ్చేది ‘గ్రతుయిసియెల్’. కురియెల్‌కు తోక వేరే చోటనుంచి వచ్చినా, చెవికి అది కూడా ఈ కుటుంబంలోదానిలాగే వినిపిస్తుంది. క్యుబెక్ వాళ్లు దాని మీద ఇంకో అడుగు వేసి, కుళ్లిపోవడం అనే అర్థాన్ని కలిపి, స్పామ్ మెయిళ్లకు ‘పురియెల్’ అని పేరు పెట్టారు. కుళ్లు ఉత్తరం అన్నమాట. ఇంత చక్కగా తిట్టే పారిభాషిక పదం ఏ భాషలోనైనా అరుదు.

ఆలస్యంగా వచ్చి దెబ్బతిన్న మాటకు ఉదాహరణ హ్యాష్‌ట్యాగ్. అది ట్విటర్‌లో మొదలైంది 2007లో. ఫ్రెంచి గెజిట్‌లో దానికి ‘మో-దియేజ్’ అని పేరు వచ్చింది 2013 జనవరిలో. ‘మో’ అంటే మాట, ‘దియేజ్’ అంటే పాశ్చాత్య సంగీతంలో స్వరాన్ని అర్ధస్థాయి పెంచే గుర్తు. పేరు వెలువడిన రోజే ఆ ట్విటర్‌లోనే ఎగతాళి మొదలైంది. అందులో కొంత న్యాయం కూడా ఉంది. రెండు గుర్తులనూ పక్కపక్కన పెట్టి చూడండి. సంగీతపు గుర్తులో నిలువు గీతలు నిటారుగా ఉంటాయి, అడ్డ గీతలు ఏటవాలుగా పైకి లేస్తాయి. కీబోర్డు మీది గుర్తులో అడ్డ గీతలు సమంగా ఉంటాయి, నిలువు గీతలు వాలుతాయి. ఆ రెండోదానికి ఫ్రెంచిలో ‘క్రువాజియోన్’ అని వేరే పేరుంది. అంటే ఆరేళ్లు ఆలస్యంగా వచ్చిన మాట గుర్తు పేరు కూడా తప్పు చెప్పింది. నిజానికి క్యుబెక్ వాళ్లు అంతకు రెండేళ్ల ముందే ‘మో-క్లిక్’ అని కట్టారు, నొక్కితే తెరుచుకునే మాట అని. అది నోటికీ తేలిక, అర్థానికీ దగ్గర. ఈసారి మాత్రం ఫ్రాన్స్ దాన్ని తీసుకోలేదు.

2022 మే నెలలో వీడియో గేముల మాటల జాబితా వచ్చింది. ఆడుతూ ప్రత్యక్ష ప్రసారం చేసే ‘స్ట్రీమర్’ను ‘జుఅర్-అనిమతర్ ఆన్ దిరెక్త్’ అనాలన్నారు. ఆడుతూ కార్యక్రమం నడిపేవాడు అని అర్థం. నిర్వచనంగా తప్పు పట్టలేం. కానీ పదిహేనేళ్ల కుర్రాడు రెండు అక్షరాల మాటను వదిలి ఈ రైలుబండిని నోటికెత్తుకుంటాడనుకోవడం అత్యాశే.

పొడుగు ఒక్కటే అడ్డు అనుకోవడానికి కూడా లేదు. డౌన్‌లోడ్‌కు వచ్చిన ‘తెలెషార్జే’ నాలుగు అక్షరాలుంది, అయినా ఫ్రాన్స్ అంతా అదే అంటుంది. ఎందుకంటే అది క్రియ, ఏ కాలంలో అయినా, ఏ పురుషలో అయినా హాయిగా వంగుతుంది. దూరం నుంచి బరువు ఎక్కించుకోవడం అనే బొమ్మ కూడా కళ్లకు కట్టినట్టుంటుంది. బ్యాంకు ఖాతా వివరాలు కాజేసే దొంగ మెయిళ్లకు ఇంగ్లీషులో ‘ఫిషింగ్’ అంటారు. దానికి ‘అమ్సోనాజ్’ అని క్యుబెక్‌లో మొదలై ఫ్రాన్స్ కూడా తీసుకున్న మాట ఉంది. ‘అమ్సోన్’ అంటే గాలం. ఇవాళ ఫ్రెంచి బ్యాంకులు ఖాతాదారులకు పంపే హెచ్చరికల్లో ఈ మాట మామూలుగా కనిపిస్తుంది. ఇంగ్లీషు రాని ముసలావిడకు ఫిషింగ్ అంటే అర్థం కాదు, గాలం వేస్తున్నారు అంటే చటుక్కున తెలుస్తుంది. కొత్త మాట అవసరం ఎక్కడుందో ఇక్కడ కనబడుతుంది. మోసపోకుండా కాపాడాల్సిన హెచ్చరిక ముందు అర్థం కావాలి.

పత్రికల చేయి పడితే మాటకు కాళ్లొస్తాయి. 2018 అక్టోబరులో ఫేక్ న్యూస్‌కు గెజిట్ ‘ఎన్‌ఫాక్స్’ అని ప్రకటించింది. సమాచారానికి పొట్టి రూపం ‘ఎన్‌ఫో’, జనాన్ని తప్పుదారి పట్టించే విష ప్రచారానికి వాడే పొట్టి మాట ‘ఎన్‌టాక్స్’. రెండూ అప్పటికే ప్రతి ఫ్రెంచివాడి నోట ఉన్నవే. వాటిని కలిపితే పుట్టిన మాట కొత్తదనిపించలేదు. పాత్రికేయులు శీర్షికల్లో పెట్టడం మొదలుపెట్టారు.

మరి కురియెల్ ఇప్పుడు ఎక్కడుంది? అది మాట్లాడేవాళ్లు ఎక్కడున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఉద్యోగానికి మాంట్రియల్ వెళ్లిన తెలుగు ఇంజనీరుకు మొదటి రోజే సహోద్యోగుల నోట ఈ మాట వినబడుతుంది, అక్కడ అది రోజువారీ భాష. పారిస్‌లో చదువుకునే విద్యార్థికి మాత్రం అది ఎక్కువగా కాగితం మీద ఎదురవుతుంది. వీసా పొడిగించుకోవడానికి వెళ్లిన ప్రభుత్వ కార్యాలయం ఫారంలో, విశ్వవిద్యాలయం పంపిన ఉత్తరంలో కురియెల్ ఉంటుంది. బయటికొచ్చి క్యాంటీన్‌లో కూర్చుంటే తోటివాళ్లంతా ‘మెయిల్’ అంటారు. ఒకే మనిషి ఆఫీసులో రాసేటప్పుడు ఒకటి, ఇంటి దగ్గర మాట్లాడేటప్పుడు ఇంకొకటి వాడతాడు. అకాడమీ కోరుకున్నది ఇది కాకపోవచ్చు. అయినా రాతలో స్థిరపడిన మాటకు నిఘంటువులో చోటు, పిల్లల పుస్తకాల్లో చోటు ఉంటాయి. నోటి మాట మారే రోజు వస్తే అందుకోవడానికి అది సిద్ధంగా ఉంటుంది.

లోజిసియెల్ కుటుంబం మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంది. 2022 ఆగస్టులో పారిస్ దగ్గరి కొర్బెయ్-ఎసోన్ ఆసుపత్రి కంప్యూటర్లను దుండగులు తాళం వేసేసి డబ్బు డిమాండ్ చేశారు. రోగుల్లో కొందరిని వేరే ఆసుపత్రులకు పంపాల్సి వచ్చింది. ఇలా డబ్బు గుంజే సాఫ్ట్‌వేర్‌కు ఇంగ్లీషు పేరు ‘రాన్సమ్‌వేర్’. ఫ్రాన్స్ సైబర్ భద్రతా సంస్థ తన పత్రాల్లో ‘రాన్సోన్జిసియెల్’ అని రాస్తుంది, పెద్ద పత్రికలు కూడా ఆ మాటనే వాడుతున్నాయి. ‘రాన్సోన్’ అంటే బందీని విడిపించుకోవడానికి కట్టే సొమ్ము. ఇంగ్లీషు ‘రాన్సమ్’ పుట్టింది కూడా పాత ఫ్రెంచిలోంచే.